ఆకుపచ్చ మూత జోలికి వెళ్లొద్దు

"లోగో ఒకటి కావాలండీ. కొంచెం మోడర్న్‌గా ఉండాలి, మన సంప్రదాయం కూడా కనపడాలి. ప్రీమియం లుక్ రావాలి, కానీ మరీ ఖరీదైన షాపులా అనిపించకూడదు. వచ్చే వారం ఓపెనింగు."

హైదరాబాద్‌లో గానీ, విజయవాడలో గానీ డిజైన్ స్టూడియో నడిపేవాళ్లను కదిపితే చాలు, ఇలాంటి వాట్సాప్ మెసేజీలు వరసగా చూపిస్తారు. పంపినవాళ్లను తప్పుపట్టడానికి లేదు. తమకు కావలసిందంతా చెప్పేశామనే వాళ్లు అనుకుంటున్నారు. చిక్కల్లా ఏమిటంటే, ఇన్ని మాటల్లో డిజైనరు పట్టుకుని పని మొదలుపెట్టదగ్గది ఒక్కటే ఉంది: వచ్చే వారం ఓపెనింగు.

పేరు రాసే తీరు, లోగో, రంగులు, ప్యాకింగు, బోర్డు, బిల్లు పుస్తకం అన్నీ కలిపి ఒక వ్యాపారానికి వచ్చే రూపాన్ని ఆ రంగంలో ఐడెంటిటీ అంటారు. ఆ పని ఏజెన్సీకి అప్పగించే ముందు, అది దేనికోసం, ఏ హద్దుల్లో జరగాలో క్లయింటు రాసిచ్చే రెండు మూడు పేజీలే క్రియేటివ్ బ్రీఫ్. అది సరిగ్గా రాయడం ఎవరికీ అంత తేలిక కాదు. 2021లో బెటర్‌బ్రీఫ్స్ ప్రాజెక్ట్ పేరుతో పలు దేశాల్లో జరిపిన సర్వేలో, తాము బ్రీఫులు బాగానే రాస్తామని మార్కెటింగ్ ఉద్యోగుల్లో 80 శాతం మంది చెప్పారు. ఔనని ఒప్పుకున్న ఏజెన్సీలు 10 శాతమే. పెద్ద కంపెనీల్లో అదే ఉద్యోగంగా చేసేవాళ్ల సంగతే ఇలా ఉంటే, రోజంతా గల్లాపెట్టె ముందు కూర్చునే కొట్టు యజమాని నుంచి ఇంతకంటే మెరుగైన కాగితం ఆశించడం అన్యాయం.

అయినా ఆ కాగితం రాయగలిగేది ఆ యజమానే. ఎలాగో చూడటానికి రాజమండ్రిలో ఒక పచ్చళ్ల దుకాణాన్ని ఊహించుకుందాం. మూడు తరాల వ్యాపారం. ఇంటిపేరే కొట్టు పేరు. ఆవకాయ, మాగాయ, గోంగూర, ఉసిరి వగైరా పద్నాలుగు రకాలు. ఇప్పుడు హైదరాబాద్‌లో రెండు బ్రాంచీలు తెరిచి, సూపర్‌మార్కెట్లకు సరఫరా చేసి, అమెరికాలోని ఇండియన్ స్టోర్లకూ పంపాలని సంకల్పం. ఎంబీఏ చదివొచ్చిన కొడుకు బ్రీఫ్ రాయడానికి కూర్చున్నాడు.

అతని మొదటి ప్రతి ఇలా ఉంటుంది: "మా బ్రాండ్ నాణ్యతకు, నమ్మకానికి మారుపేరు. అన్ని వయసులవారినీ ఆకట్టుకునేలా, సంప్రదాయం ఉట్టిపడేలా, ఆధునికమైన లోగో కావాలి. ఎరుపు, పసుపు రంగులు వాడాలి. మామిడికాయ బొమ్మ ఉండాలి."

ఇందులో మొదటి రెండు వాక్యాలూ నగల షాపుకు సరిపోతాయి, నర్సింగ్‌హోమ్‌కూ సరిపోతాయి. కొట్టు పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాసినా ఇబ్బంది లేని వాక్యం వల్ల డిజైనరుకు ఒరిగేది లేదు. చివరి రెండు వాక్యాలది దీనికి పూర్తిగా ఎదురు జబ్బు. అవి సమస్య చెప్పకుండా ఏకంగా పరిష్కారం చెప్పేస్తున్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్లి ఎక్కడ నొప్పో చెప్పకుండా ఫలానా మాత్ర రాయమనడం లాంటిది.

అనుభవమున్న స్టూడియో అయితే ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేస్తుంది.

"మామిడికాయ ఎందుకండీ?"

"పచ్చళ్ల కొట్టు కదా, తెలియాలి గదా."

"ఇప్పుడు తెలియడం లేదా?"

"రాజమండ్రిలో అందరికీ తెలుసు. హైదరాబాద్‌లో ఇంటిపేరు చూసి ఏం కొట్టో ఎవరికి తెలుస్తుందండీ? మొన్న ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెడితే ఇద్దరు ముగ్గురు వచ్చి చీరలున్నాయా అని అడిగారు."

అసలు విషయం ఇప్పుడు బయటపడింది. పేరు చూస్తే సరుకేమిటో తెలియడం లేదు. బ్రీఫ్‌లో రాయవలసింది ఈ వాక్యం. దానికి జవాబు మామిడికాయ కావచ్చు, పేరు కింద "రాజమండ్రి పచ్చళ్లు" అన్న రెండు మాటలే కావచ్చు, జాడీ ఆకారం కావచ్చు, ఎవరికీ తట్టనిది ఇంకేదైనా కావచ్చు. గోంగూర సీసా మీద మామిడికాయ బొమ్మ ఎలా ఉంటుందన్నది ఎలాగూ వచ్చే ప్రశ్నే. మామిడికాయను ముందే ఖాయం చేస్తే ఏజెన్సీకి ఇచ్చే ఫీజు ఒక బొమ్మ గీసినందుకే చెల్లుతుంది. సమస్య రాసిస్తే ఆలోచించినందుకు చెల్లుతుంది.

తర్వాతది లక్ష్యం. కొడుకు రెండో ప్రతిలో "అమ్మకాలు 30 శాతం పెరగాలి" అని రాశాడనుకుందాం. అంకె ఉంది కాబట్టి గట్టి లక్ష్యంలాగే కనిపిస్తుంది. కానీ అది వ్యాపారం లక్ష్యం. ధర, రుచి, సూపర్‌మార్కెట్‌లో ఏ అర దొరికింది, పక్కవాడు ఏ ఆఫర్ పెట్టాడు, ఇవన్నీ కలిసి అమ్మకాలను తేలుస్తాయి. అందులో లోగోకూ లేబులుకూ దక్కే వంతు ఏమిటో విడదీసి చెప్పకపోతే, ఏడాది తర్వాత పని బాగా జరిగిందో లేదో తేల్చడానికి ఎవరి చేతిలోనూ కొలబద్ద ఉండదు.

ఆ వంతు తెలుసుకోవడానికి కన్సల్టెంటు అక్కర్లేదు. ఒక ఆదివారం పొద్దున కౌంటరు పక్కన స్టూలేసుకుని కూర్చుంటే చాలు. వచ్చినవాళ్లు కొట్టు పేరు చెప్పడం లేదు. "ఆ ఆకుపచ్చ మూత ఆవకాయ అరకిలో ఇవ్వండి" అంటున్నారు. పద్నాలుగు రకాలకూ లేబులు ఒక్కటే. రకం పేరు మాత్రం మూలన చిన్న స్టిక్కరు. అందుకే సీసా తిప్పి చూస్తేగానీ అది మాగాయో తొక్కుడు పచ్చడో కుర్రాడికే తెలియడం లేదు. రద్దీలో ఒకటి బదులు ఒకటి వెళ్లిపోతోంది, సాయంత్రానికి రెండు సీసాలు తిరిగొస్తున్నాయి. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మనవరాలు లేబులు మీద తెలుగు చదవలేక అమ్మమ్మను అడుగుతోంది.

ఈ మూడూ లక్ష్యాలుగా మారతాయి. ఒకటి, రాజమండ్రిలో ఈ సీసా ఎరిగిన మనిషి హైదరాబాద్ సూపర్‌మార్కెట్ అరలో దీన్ని చూసీ చూడగానే పోల్చుకోవాలి. రెండు, స్టిక్కరు చదవకుండానే రెండు మీటర్ల దూరం నుంచి ఏ పచ్చడో తెలియాలి. మూడు, తెలుగు రానివాళ్లు కూడా పేరు, రకం చదవగలగాలి. ఇవన్నీ పరీక్షించి చూడగలిగినవే. నమూనా సీసాలు అర మీద పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి, పాత ఖాతాదారుణ్ణి ఒకణ్ణి పిలిచి అడిగితే సరిపోతుంది.

వీటిని ప్రాధాన్య క్రమంలోనే రాయాలి. ఎందుకంటే అవి ఒకదానితో ఒకటి తగువు పడతాయి. రకాన్ని బట్టి రంగులు మారిస్తే పాత ఖాతాదారు పోల్చుకోలేకపోవచ్చు. ఇంగ్లిష్ పెద్దది చేస్తే రాజమండ్రి కళ తగ్గొచ్చు. తగువు వచ్చినప్పుడు ఏది నెగ్గాలో బ్రీఫే చెప్పాలి. లేకపోతే మీటింగులో గొంతు పెద్దదైనవారి మాటే నెగ్గుతుంది.

పరీక్షకు నిలిచే కోరిక ఎలా ఉంటుందో ఫెడెక్స్ కథ చెబుతుంది. 1994లో ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ తన పేరును ఫెడెక్స్‌గా కుదించుకుని కొత్త రూపం తొడుక్కుంది. జనం అప్పటికే ఆ పేరుతోనే పిలుస్తున్నారు. పని లాండర్ అసోసియేట్స్‌ది, డిజైనరు లిండన్ లీడర్. కంపెనీ అధినేత ఫ్రెడ్ స్మిత్ తమ ట్రక్కులను కదిలే హోర్డింగులుగా చూసేవాడని, అయిదు వీధుల అవతల ఉన్నా అది ఫెడెక్స్ ట్రక్కని స్పష్టంగా తెలియాలని పట్టుబట్టాడని లీడర్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో గుర్తుచేసుకున్నాడు. రంగులు ఏవైనా ఫరవాలేదు, కారణం మాత్రం చెప్పమన్నాడట.

"బోల్డ్‌గా ఉండాలి" అనడానికీ దీనికీ ఉన్న తేడా చూడండి. అయిదు వీధుల దూరం అన్నది వెళ్లి నిలబడి తేల్చుకోగల విషయం. ఆ ఒక్క షరతు అక్షరాల లావును, పొట్టి పేరును, చుట్టూ వదలాల్సిన తెల్లటి జాగాను చాలావరకు తానే నిర్ణయించేసింది. అదే సమయంలో డిజైనరు చేతులు కట్టేయలేదు. ఇ, ఎక్స్ అక్షరాల మధ్య దాగిన ఆ ప్రసిద్ధమైన బాణం గుర్తు క్లయింటు అడిగి చేయించుకున్నది కాదు. యూనివర్స్, ఫ్యూచురా అనే రెండు అక్షరరూపాల లక్షణాలను కలుపుతూ, అక్షరాలను దగ్గరకు జరుపుతున్నప్పుడు లీడర్‌కు తట్టింది. "లోగోలో బాణం ఉండాలి, వేగం కనపడాలి" అని ముందే రాసిచ్చి ఉంటే బహుశా పేరు పక్కన ఓ పెద్ద బాణం అతికించి ఇచ్చేవారు.

ఇక హద్దులు. చాలామంది క్లయింట్లు వీటిని రాయరు, డిజైనరు స్వేచ్ఛకు అడ్డమని మొహమాటపడతారు. నిజానికి మొట్టమొదట రాయాల్సింది ముట్టుకోకూడనివేమిటన్నది. దీన్ని మరిచినందుకు బాగా ఖరీదు కట్టిన కంపెనీ ట్రాపికానా.

అమెరికాలో ట్రాపికానా నారింజ రసం డబ్బా మీద ఏళ్ల తరబడి ఒకటే బొమ్మ. నారింజ పండు, అందులో గుచ్చిన స్ట్రా. 2009 జనవరిలో యజమాని పెప్సికో, ఆర్నెల్ గ్రూప్ చేత కొత్త డబ్బా చేయించింది. ఇన్నాళ్లూ పండు పైతొక్కనే చూపిస్తున్నాం, లోపలి రసాన్ని ఎప్పుడూ చూపలేదు కదా అన్నది దాని వెనక ఆలోచన. వినడానికి సబబుగానే ఉంది. పండు, స్ట్రా పోయాయి, వాటి చోట గాజు గ్లాసులో రసం వచ్చింది. బ్రాండ్ పేరు నిలువుగా తిరిగింది. కొనడానికి వచ్చినవాళ్లకు తమ రసం కనిపించలేదు. కనిపించినవాళ్లకు అది సూపర్‌మార్కెట్ సొంత చవక బ్రాండులా తోచింది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 22 లోపు అమ్మకాలు సుమారు 20 శాతం పడిపోయాయి. ఫిబ్రవరి నెలాఖరుకల్లా పాత డబ్బానే తిరిగి తెస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది.

కొత్త డబ్బా అందవికారంగా ఏమీ లేదు. "రసాన్ని చూపించాలి" అన్న లక్ష్యాన్ని అది నెరవేర్చింది కూడా. స్ట్రా గుచ్చిన పండే జనం కళ్లు వెతికే గుర్తు, దాన్ని కదపొద్దు అన్న హద్దు మాత్రం ఆ పనికి లేకుండా పోయింది. కొత్త డబ్బాకు పెట్టిన సగం నారింజ ఆకారపు మూత జనానికి నచ్చింది, అదొక్కటీ తర్వాత మిగిలింది.

రాజమండ్రి కొట్టుకు ఆ స్ట్రా లాంటిది ఆకుపచ్చ మూత. ఇంట్లోవాళ్లకు అదొక విశేషమని ఎప్పుడూ తోచలేదు. పాతికేళ్ల కిందట ప్లాస్టిక్ డీలరు దగ్గర ఆ రంగే చవగ్గా దొరికి ఉంటుంది. వాళ్లు విలువైనదని అనుకుంటున్నది లేబులు మీది నానమ్మ ఫొటో. కౌంటరు దగ్గర విన్నదాన్ని బట్టి చూస్తే ఆ ఫొటోను ఎవరూ ప్రస్తావించలేదు. దీని అర్థం ఫొటో తీసేయమని కాదు. మూత రంగు మార్చకూడదు, ఫొటో ఉంచాలా వద్దా అన్నది ఏజెన్సీ వాదించి ఒప్పించవచ్చు అని బ్రీఫ్‌లో వేర్వేరుగా రాయమని. పెదనాన్నగారు ఫొటో తీస్తే ఒప్పుకోరని తెలిస్తే ఆ సంగతి ఇంట్లో ముందే తేల్చుకుని అదీ రాసేయాలి. మూడు డిజైన్లు వచ్చాక తేల్చుకోవడం అందరికీ నష్టం.

హద్దు ఊహను ఎలా సరైన దారిలో పెడుతుందో మనకు రోజూ కనిపించే ఉదాహరణ రూపాయి గుర్తు. 2009లో కేంద్ర ఆర్థిక శాఖ దానికోసం పోటీ పెట్టింది. దేశ చరిత్ర, సంస్కృతుల స్వభావం అందులో ఉండాలంది. ఆ మాట ఒక్కటే అయితే నెమళ్లు, గోపురాలు, అశోకచక్రాలు బారులు తీరేవి. దానితోపాటే మామూలు కీబోర్డు మీద వాడుకోవడానికి వీలుగా ఉండాలని కూడా చెప్పింది. అంటే అది బొమ్మ కాకూడదు, అక్షరంలా రాయదగ్గది కావాలి. వేలల్లో వచ్చిన నమూనాల్లోంచి ఐఐటీ బొంబాయిలో చదివిన డి. ఉదయకుమార్ గీసినదాన్ని 2010 జులై 15న కేబినెట్ ఆమోదించింది. దేవనాగరి ర, రోమన్ ఆర్ రెండూ కలిసిన ఆ రూపాన్ని ఇవాళ పుల్లట్ల బండి మీద సుద్దముక్కతో కూడా రాస్తున్నారు.

మన దుకాణానికి అలాంటి హద్దులు వస్తువులోనే ఉన్నాయి. సీసా మూత అడ్డం 63 మిల్లీమీటర్లు. దాని మీద లోగో అచ్చు వేస్తే అంచులు పోగా మిగిలేది రెండంగుళాల లోపు వృత్తం. అట్టపెట్టెల మీద ఒకటే రంగు అచ్చు, అదీ కాస్త అలుక్కుంటుంది, సన్న గీతలు నిలవవు. బిల్లు నలుపు తెలుపు. వాట్సాప్‌లో కనిపించేది గోటి పరిమాణం గుండ్రం. వీటిని "అన్నిచోట్లా పనికిరావాలి" అని ఒక్క ముక్కలో రాస్తే ఉపయోగం లేదు. ఒక సీసా, ఒక మూత, మడిచిన ఒక అట్టపెట్టె, ఒక బిల్లు సంచిలో వేసి స్టూడియోకు పంపితే అన్ని పేజీల వివరణా ఆదా. గోదాములో ఇంకా నలభై వేల మూతలు మిగిలి ఉన్నాయంటే ఆ సంగతీ రాయాలి. అది డిజైన్ విషయం కాదనుకుంటారు గానీ, నూటికి నూరు పాళ్లూ డిజైన్ విషయమే.

తెలుగు అక్షరాలది ప్రత్యేకమైన హద్దు, బ్రీఫుల్లో తరచూ కనిపించకుండా పోయేదీ అదే. ఇంగ్లిష్ పెద్దక్షరాలు రెండు గీతల మధ్య ఒదిగి కూర్చుంటాయి. "పచ్చళ్లు" అన్న మాటకు పైన తలకట్లు, కింద వత్తులు. రెండడుగుల ఎత్తు బోర్డులో వత్తులతో సహా ఇమడాలంటే అసలు అక్షరం చిన్నదవుతుంది, పక్కనే ఉన్న ఇంగ్లిష్ మాట దాన్ని మింగేస్తుంది. లోగో ముందు ఇంగ్లిష్‌లో గీసి, నచ్చాక "దీన్నే తెలుగులో పెట్టండి" అంటే జరిగేది ఇదే. ఊళ్లో సగం బోర్డుల మీద తెలుగు పేరు ఒక మూల నక్కి కూర్చోవడానికి కారణం కూడా బహుశా ఇదే. పైగా షాపులు, సంస్థలకు సంబంధించిన నిబంధనలు బోర్డు మీద పేరు తెలుగులో ఉండాలనే చెబుతున్నాయి. కాబట్టి "తెలుగు పేరు ముందు గీయాలి, ఇంగ్లిష్ దానికి జతగా రావాలి" అని మొదటి పేజీలోనే రాయడం మంచిది.

ఏజెన్సీ బెంగళూరుదో ముంబైదో అయితే ఇంకో జాగ్రత్త. పేరును యూనికోడ్‌లో టైపు చేసి పంపాలి. పాత డీటీపీ ఫాంటులో ఉన్న ఫైలు పంపితే అటువైపు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. టైపు చేసినదానితోపాటు స్పష్టంగా చేత్తో రాసిన కాగితం ఫొటో కూడా జతచేయాలి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగు పెట్టకపోతే వత్తు అక్షరం కింద నుంచి జారి పక్కకు వచ్చి నిలబడుతుంది. తెలుగు రాని డిజైనరుకు అది తప్పని తెలిసే దారి లేదు. అచ్చుకు వెళ్లే ముందు తెలుగు చూసి సరేననే మనిషి ఎవరో కూడా బ్రీఫ్‌లో ఉండాలి.

ఎవరూ కాగితం మీద పెట్టని, కానీ ప్రతి చోటా చివరి నిమిషంలో ఊడిపడే హద్దులు మరికొన్ని ఉన్నాయి. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఇంకో "ఎ" చేరిస్తే సంఖ్య కలిసొస్తుందని న్యూమరాలజిస్టు చెప్పాడు. నలుపు రంగు అమ్మకు గిట్టదు. బోర్డు ఆషాఢంలో ఎత్తరు. స్టూడియోవాళ్లు నవ్వుకుంటారేమోనని క్లయింటు దాచిపెడతాడు. నలుపు నేల మీద బంగారు అక్షరాలతో డిజైన్ తయారై వచ్చాక, ఏదో వెలితిగా ఉందండీ అంటూ నసుగుతాడు. నమ్మకం సరైనదా కాదా అన్న చర్చ డిజైనరుకు అనవసరం. అది హద్దా కాదా అన్నదొక్కటే అతనికి కావాలి. హద్దే అయితే మొదటి రోజే రాసిస్తే ఎవరూ నవ్వరు.

తేదీల్ని వెనక్కి లెక్కపెట్టాలి. కొత్తావకాయ మే మొదటి వారానికి అంగట్లో ఉండాలంటే లేబుళ్లు ఏప్రిల్ మొదట్లో ప్రెస్సుకు వెళ్లాలి. పద్నాలుగు లేబుళ్ల ఆర్ట్‌వర్క్‌కు, ప్రతి దాని మీదా చట్టం ప్రకారం వేయాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, శాకాహార గుర్తు, పదార్థాల జాబితా, నికర బరువు సరిచూసుకోవడానికి నెల రోజులు. అంటే లోగో మార్చి మొదట్లో ఖాయం కావాలి. బ్రీఫ్ సంక్రాంతి లోపు స్టూడియో చేతిలో పడాలి. ఇలా రాసుకుంటే "అర్జెంట్" అన్న మాట వాడాల్సిన పని రాదు.

బడ్జెట్ చెప్పడానికి మనవాళ్లు జంకుతారు, చెబితే అంతా లాగేస్తారని భయం. చెప్పకపోతే ఏజెన్సీ ఊహించుకుంటుంది, ఆ ఊహ ఎటు తప్పినా నెల రోజులు వృథా. ఇంత నుంచి ఇంత వరకు అని చెప్పి, అందులో ఏమేమి కలిసి లేవో రాస్తే చాలు: అచ్చు ఖర్చు, ఫొటోలు, ఫాంటు లైసెన్సు, ట్రేడ్‌మార్క్ ఫీజు. ట్రేడ్‌మార్క్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. పచ్చళ్లు 29వ తరగతిలోకి వస్తాయి. అలాంటి పేరు, గుర్తు వేరెవరికైనా ఉన్నాయేమో వెతికే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోవాలి. బోర్డులు ఎక్కాక లాయరు నోటీసు వస్తే ఆ ఖర్చు ముందు ఇవన్నీ చిల్లర.

ఇన్ని రాశాక కూడా ఒక్క గడి ఖాళీగా వదిలితే పని చెడుతుంది. చివరి మాట ఎవరిది? మన దుకాణంలో నాన్న, పెదనాన్న, కొడుకు, హైదరాబాద్ బ్రాంచిలో పెట్టుబడి పెట్టిన బావగారు ఉన్నారు. నలుగురి అభిప్రాయమూ అడగవచ్చు, ఖాయం చేసే పేరు మాత్రం ఒకటే ఉండాలి, ఆ మనిషి మొదటి మీటింగు నుంచీ కూర్చోవాలి. బ్రీఫ్ చూడనివారు ఆఖరి డిజైన్ చూస్తే అడిగేది ఒకటే, "నాకెందుకో నచ్చలేదు." దాని మీద డిజైనరు మార్చగలిగింది ఏమీ ఉండదు. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో, రెండా మూడా, అదీ అంకెల్లో ఉండాలి.

బ్రీఫ్ పంపగానే పని మొదలైపోకూడదు. మంచి ఏజెన్సీలు దాన్ని చదివి, తమకు అర్థమైనదాన్ని తమ మాటల్లో తిరిగి రాసి పంపుతాయి. దాన్ని రివర్స్ బ్రీఫ్ అంటారు. తేడాలు అక్కడే దొరుకుతాయి. ఉదాహరణకు స్టూడియో "అమెరికాలో పెరిగిన తెలుగు యువత ప్రధాన కొనుగోలుదారు" అని రాసి పంపితే, మూడో లక్ష్యాన్ని అది మొదటిదిగా చదువుకుందని అర్థం. ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడితే సర్దుకునే తప్పు ఇది. డిజైన్లు వచ్చాక బయటపడితే ఫీజులో మూడో వంతు అప్పటికే ఖర్చయి ఉంటుంది.

మార్చిలో మూడు డిజైన్లు టేబుల్ మీదికి వచ్చాయనుకుందాం. మొదటిది అందరికీ తెగ నచ్చింది, సన్నని గీతలతో ముగ్గులా అల్లుకున్న పేరు. 63 మిల్లీమీటర్ల మూత మీద అచ్చు తీసి చూస్తే గీతలు కలిసిపోయి మరకలా తేలింది. రెండోది మూతను తెల్లగా మార్చమంది, ఆకుపచ్చ రంగు పాతబడిందని వాదన. బ్రీఫ్ మొదటి పేజీ చూపించి పక్కన పెట్టారు. మూడోది అంత మెరుపుగా లేదు. లావాటి తెలుగు అక్షరాలు, వత్తులను పక్క అక్షరం కిందికి సర్దిన తీరు, రకానికో రంగు పట్టీ, పైన అదే ఆకుపచ్చ మూత. అర మీద పెట్టి రెండు మీటర్ల దూరం నుంచి అడిగితే పాత ఖాతాదారు గోంగూరను వేలెత్తి చూపించాడు. పెదనాన్నగారికి ఇప్పటికీ మొదటిదే ఇష్టం. అయినా ఏది ఖాయం చేయాలన్న దానిపై వాదన అరగంట దాటలేదు.

మిగిలింది హక్కుల కాగితం. డబ్బు కట్టాం కాబట్టి లోగో మనదే అనుకోవడం మామూలు. 1957 నాటి కాపీరైట్ చట్టం లెక్క వేరు. బయటి స్టూడియో గీసిన బొమ్మకు సాధారణంగా మొదటి హక్కుదారు గీసినవారే, రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే క్లయింటుకు దక్కుతుంది. ఆ రాతలో కాలం చెప్పకపోతే అయిదేళ్లకే అని, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే అని చట్టం అర్థం చేసుకుంటుంది. డాలస్‌లో సీసాలు అమ్మాలనుకునే కొట్టుకు అది చాలదు. శాశ్వతంగా, అన్ని దేశాలకూ అన్న మాటలు ఒప్పందంలో ఉండాలి. ఎలాగైనా వెడల్పు చేసుకోగల వెక్టర్ ఫైళ్లు, నలుపు తెలుపు రూపం, తెలుగు ఇంగ్లిష్ రూపాలు రెండూ, పద్నాలుగు లేబుళ్ల ఒరిజినల్ ఫైళ్లు, ఫాంటు లైసెన్సు రసీదు అన్నీ ఆఖరి చెల్లింపు నాడే చేతికి రావాలని బ్రీఫ్ చివరి పేజీలో రాసిపెట్టుకుంటే, రేపు పదిహేనో రకంగా చింతకాయ తొక్కు మొదలుపెట్టినప్పుడు లేబులు కోసం ఎవరినీ బతిమాలే అవసరం రాదు.